ఫోన్ పోయినా దరఖాస్తు పోకూడదు

(సంఘం మండల బాధ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది మీ ఊళ్ల సొసైటీలకు, ఉత్పత్తిదారుల సంఘాలకు అధ్యక్షులుగానో, కార్యదర్శులుగానో, కోశాధికారులుగానో ఉన్నారు. ఒకప్పుడు సంఘం పేరు మీద దరఖాస్తు పెట్టాలంటే కాగితాలు చంకన పెట్టుకుని ఆఫీసుకు పోయేవాళ్లం. ఇవాళ పోర్టల్‌లో లాగిన్ కావాలి. ఆ లాగిన్‌కు ఇప్పుడు రెండు తాళాలు పెడుతున్నారు. మొదటిది పాస్‌వర్డ్. రెండోది ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపించే ఆరంకెల కోడ్. ఈ రెండో తాళం గురించి, దాని చెవి పోతే ఆదుకునే బ్యాకప్ కోడ్‌ల గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ముందుగా మా సొసైటీలో జరిగింది చెబుతాం. మా తప్పును దాచుకోకుండా చెబితేనే మీకు ఉపయోగం.

మాది 64 మంది సభ్యులున్న చిన్న సంఘం. యంత్రాల అద్దె కేంద్రం పెట్టుకుందామని తీర్మానం చేసుకున్నాం. రోటావేటర్, సీడ్ డ్రిల్, పవర్ స్ప్రేయర్లకు కొటేషన్లు తెచ్చాం. సభ్యుల వాటా ధనం బ్యాంకులో వేశాం. పోర్టల్‌లో దరఖాస్తు దాదాపు పూర్తయింది. ఒక్క కాగితం అప్‌లోడ్ చేసి, సబ్మిట్ నొక్కాలి. గడువుకు ఇంకా 12 రోజులుంది. తొందరేముందిలే అనుకున్నాం.

ఆ వారంలోనే మా కార్యదర్శి మోటారు వేయడానికి వంగితే, చొక్కా జేబులోని ఫోన్ కాలవలో పడింది. బయటికి తీసి, బియ్యంలో పెట్టి, రెండు రోజుల తర్వాత రిపేరు షాపుకు తీసుకెళ్లాడు. "రీసెట్ కొట్టకపోతే ఇది లేవదన్నా" అన్నాడు షాపు కుర్రాడు. కొట్టమన్నాం. ఫోన్ లేచింది. సిమ్ పనిచేసింది, కాల్స్ వచ్చాయి, వాట్సాప్ కూడా తిరిగి వచ్చింది. హమ్మయ్య అనుకుని పోర్టల్ తెరిచాం. పాస్‌వర్డ్ కొట్టాం. ఆథెంటికేటర్ కోడ్ అడిగింది. యాప్ మళ్లీ వేసుకుని చూస్తే ఖాళీగా ఉంది. మా సంఘం పేరున్న వరుస అందులో లేదు.

కింద "బ్యాకప్ కోడ్ వాడండి" అని ఒక దారి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు తెర మీద ఏవో పది అంకెల వరుసలు వచ్చాయని. సెంటర్ కుర్రాడు డౌన్‌లోడ్ నొక్కి, తర్వాతి పేజీకి పోయాడు. ఆ ఫైలు వాడి కంప్యూటర్‌లో ఉండిపోయింది. ఇప్పుడు వెళ్లి అడిగితే, ఆ కంప్యూటర్‌ను ఈమధ్యే ఫార్మాట్ చేశామన్నాడు.

ఇక మిగిలింది అర్జీ. సంఘం లెటర్‌హెడ్ మీద రాసి, తీర్మానం నకలు, అధ్యక్ష కార్యదర్శుల గుర్తింపు పత్రాలు జతచేసి పంపాం. ఒకసారి సంతకం సరిపోలేదన్నారు. ఇంకోసారి రిజిస్ట్రేషన్ పత్రం కావాలన్నారు. 19వ రోజున తాళం తీశారు. అప్పటికి గడువు దాటి వారమైంది. లోపల మా దరఖాస్తు పెట్టింది పెట్టినట్టే ఉంది. సబ్మిట్ బటన్ మాత్రం లేదు. ఆ సీజన్‌లో సభ్యులు రోటావేటర్‌కు బయటివాళ్లకే గంటల లెక్కన కిరాయి కట్టుకున్నారు.

ఇందులో కాలవ తప్పు లేదు, రిపేరు కుర్రాడి తప్పూ లేదు. ఆ యాప్ ఎలా పనిచేస్తుందో మాకు తెలియకపోవడమే తప్పు. అది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ దానంతటదే అర్థమవుతాయి.

మనకు అలవాటైన ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. పోర్టల్ పంపితే టవర్ ద్వారా సిమ్‌కు చేరుతుంది. ఫోన్ మారినా సిమ్ మార్చి వేసుకుంటే మళ్లీ వస్తుంది. ఆథెంటికేటర్ కోడ్ అలాంటిది కాదు. దాన్ని ఎవరూ పంపరు. ఫోనే లెక్కగట్టి చూపిస్తుంది.

దీన్ని పంచాంగంతో పోల్చి చూడండి. ఒకే పంచాంగం మీ ఇంట్లో ఒకటి, మా ఇంట్లో ఒకటి ఉందనుకోండి. ఇవాళ తిథి ఏమిటో మీరు మమ్మల్ని అడగక్కర్లేదు, మేము మిమ్మల్ని అడగక్కర్లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకున్నా ఒకటే తిథి చెబుతాం. యాప్ కూడా అంతే. మొదటి రోజున పోర్టల్ మన కోసం ఒక రహస్య అక్షరమాల తయారుచేస్తుంది. దాన్ని క్యూఆర్ కోడ్ రూపంలో తెర మీద చూపిస్తుంది. మనం స్కాన్ చేయగానే అదే అక్షరమాల ఫోన్‌లో చేరుతుంది. అంటే ఒకే పంచాంగం పోర్టల్ దగ్గర ఒకటి, మన ఫోన్‌లో ఒకటి ఉన్నట్టు. ఆ తర్వాత ప్రతి 30 సెకన్లకూ ఇద్దరూ ఆ రహస్యాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి ఒక ఆరంకెల సంఖ్య గడతారు. రెండూ ఒకటైతే తలుపు తీస్తుంది. ఈ లెక్క విధానం 2011లో అందరికీ తెలిసేలా ప్రచురించిన ప్రమాణం. అందుకే గూగుల్ ఆథెంటికేటర్ వేసుకున్నా, మైక్రోసాఫ్ట్‌ది వేసుకున్నా, ఏజిస్ లాంటిది వేసుకున్నా ఈ పద్ధతి పాటించే పోర్టల్‌కు పనికొస్తుంది.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. మొదటిది, కోడ్ చూడటానికి సిగ్నల్ అక్కర్లేదు. టవర్ అందని ఊళ్లో ఓటీపీ కోసం మిద్దె ఎక్కే పని ఉండదు. రెండోది, రహస్యం ఉన్నది సిమ్‌లో కాదు, ఆ ఫోన్‌లోని ఆ యాప్‌లో. రీసెట్ కొడితే, యాప్ తీసేస్తే, ఫోన్ పోతే రహస్యమూ పోతుంది. సిమ్ పదిసార్లు మార్చినా తిరిగి రాదు. మాకు జరిగింది అదే. మూడోది, సమయం తేడా వస్తే లెక్క తప్పుతుంది. పంచాంగంలో నిన్నటి పేజీ చూసి ఇవాళ తిథి చెప్పినట్టవుతుంది.

ఇప్పుడు తాళం మళ్లీ తీశాక మేము రెండోసారి ఎలా పెట్టుకున్నామో వరుసగా చెబుతాం. ఈసారి నెట్ సెంటర్‌కు పోలేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ సంఘం గదిలో కూర్చున్నాం. మా అధ్యక్షుడి కొడుకు లాప్‌టాప్, రెండు ఫోన్లు, ఒక నోటుపుస్తకం, ఒక కవరు దగ్గర పెట్టుకున్నాం.

ముందు రెండు ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీ, సమయం నెట్‌వర్క్ నుంచి తనంతట తానే తీసుకునేలా పెట్టాం. ప్లే స్టోర్ నుంచి ఆథెంటికేటర్ యాప్ దింపాం. ఒకటే గుర్తుంచుకోండి, అలాంటి పేర్లతో డబ్బులడిగే నకిలీ యాప్‌లు కూడా పక్కనే కనిపిస్తాయి. కింద తయారుచేసిన సంస్థ పేరు చూసి దింపుకోవాలి.

తర్వాత లాప్‌టాప్‌లో పోర్టల్ తెరిచి, ఖాతా సెట్టింగ్స్‌లో రెండంచెల లాగిన్ అన్నచోటికి వెళ్లి, ఆథెంటికేటర్ యాప్ ఎంచుకున్నాం. తెర మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. స్కాన్ చేసి, కోడ్ కొట్టి, ముందుకు పోతారు. ఆ క్యూఆర్ సాధారణంగా మళ్లీ కనిపించదు. అందుకే అక్కడ ఆగి మూడు పనులు చేశాం.

మొదట కార్యదర్శి ఫోన్‌తో స్కాన్ చేశాం. వెంటనే అదే క్యూఆర్‌ను అధ్యక్షుడి ఫోన్‌తో కూడా స్కాన్ చేశాం. రెండు ఫోన్లూ పక్కపక్కన పెడితే రెండింటిలోనూ ఒకే కోడ్ కనిపించింది. ఆ నిమిషంలో రెండింటా 042 917 అని ఉంది. చాలామందికి తెలియని సంగతి ఇదే. రహస్యం ఒకటే కాబట్టి, ఒకే సమయంలో స్కాన్ చేసిన రెండు ఫోన్లూ రెండు చెవులవుతాయి. ఒకటి కాలవలో పడ్డా రెండోదానితో తలుపు తీయవచ్చు.

మూడో పని, రహస్యాన్ని కాగితం మీద రాసుకోవడం. క్యూఆర్ కింద స్కాన్ కుదరకపోతే నొక్కమని ఒక లైను ఉంటుంది. గూగుల్ ఖాతాలో అయితే దానిపేరు Can't scan it? అని ఉంటుంది. నొక్కితే అక్షరాల వరుస వస్తుంది. చూడటానికి ఇలా ఉంటుంది, ఇది ఉదాహరణకే:

```
JBSW Y3DP EHPK 3PXP
```

చేత్తో రాసేటప్పుడు సున్నానా, ఓ అక్షరమా అన్న అనుమానం వస్తుంది. ఒక చిట్కా చెబుతాం. ఈ వరుసల్లో ఇంగ్లీషు అక్షరాలు అన్నీ రావచ్చు గానీ, అంకెల్లో 2 నుంచి 7 వరకే వస్తాయి. 0, 1, 8, 9 రానే రావు. కాబట్టి గుండ్రంగా కనిపిస్తే అది ఓ అక్షరమే, నిలువు గీతలా కనిపిస్తే అదీ అక్షరమే, ఒకటి అంకె కాదు. ఈ వరుస ఉంటే, రెండు ఫోన్లూ పోయినా, కొత్త ఫోన్‌లో యాప్ వేసుకుని దీన్ని టైపు చేస్తే అవే కోడ్‌లు మళ్లీ మొదలవుతాయి.

అంత విలువైనది కనుకే ఒక హెచ్చరిక కూడా. క్యూఆర్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడమంటే, తాళంచెవి అచ్చు తీసి సంతలో పంచినట్టే. ఆ ఫొటో ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్లందరి దగ్గరా చెవి ఉన్నట్టు. ఫొటో వద్దు, స్క్రీన్‌షాట్ వద్దు. కాగితం చాలు.

ఈ మూడూ అయ్యాకే ఫోన్‌లో కనిపిస్తున్న ఆరంకెలు పోర్టల్‌లో కొట్టాం. యాప్ మధ్యలో ఖాళీ వదిలి చూపిస్తుంది, టైపు చేసేటప్పుడు ఖాళీ అక్కర్లేదు. ముందు సున్నా ఉంటే అదీ కొట్టాలి. గడియారం గుర్తు చివరికొస్తుంటే ఆగి, కొత్త కోడ్ రాగానే నింపాదిగా కొట్టండి.

ఆ తర్వాత వచ్చే పేజీయే బ్యాకప్ కోడ్‌లది. మొదటిసారి మేము దాటేసింది ఈ పేజీనే. గూగుల్ ఖాతాలో అయితే పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటీ ఎనిమిది అంకెలు. మిగతా పోర్టళ్లలో లెక్క, పొడవు కాస్త మారవచ్చు, పద్ధతి మాత్రం ఒకటే. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాడాక అది చెల్లదు. వాడేదాకా మాత్రం నెలలైనా చెల్లుతూనే ఉంటుంది. యాప్ లేకపోయినా, ఫోన్ లేకపోయినా, పాస్‌వర్డ్‌తో పాటు ఇందులో ఒకటి కొడితే లోపలికి వెళ్లవచ్చు.

వీటిని ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఫోన్ గ్యాలరీలో పెడితే ఫోన్‌తోపాటే పోతాయి. ఈమెయిల్‌లో పెడితే, ఆ ఈమెయిల్‌కూ ఇదే ఫోన్ తాళమైతే, తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టవుతుంది. నెట్ సెంటర్ ప్రింటర్ మీద తీస్తే ఫైలు అక్కడే మిగులుతుంది. అందుకని మేము చేత్తో రాసుకున్నాం. నాలుగేసి అంకెలు విడగొట్టి, ఒకరు చదువుతుంటే ఒకరు రాసి, మూడోవాళ్లు తెరతో సరిచూశారు. బాల్ పాయింట్ పెన్నుతో మంచి కాగితం మీద రాశాం. బిల్లు మిషన్ నుంచి వచ్చే నున్నటి కాగితం మీద వద్దు, ఎండకూ వేడికీ దాని మీది అచ్చు వెలిసిపోతుంది.

ఆ కాగితం మీద తేదీ, ఏ పోర్టల్‌దో గుర్తుపట్టడానికి ఒక ముక్క మాత్రం రాశాం. యూజర్ పేరు రాయలేదు. పాస్‌వర్డ్ అసలే రాయలేదు. రహస్య అక్షరాల వరుసను, బ్యాకప్ కోడ్‌లను కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద ముగ్గురం సంతకాలు చేశాం. కవరు మా కోశాధికారమ్మ ఇంట్లో బీరువాలో, సంఘం పాస్‌బుక్కుల పక్కన ఉంది. పాస్‌వర్డ్ తెలిసింది కార్యదర్శికీ అధ్యక్షుడికీ. కాగితం ఉన్నది కోశాధికారి దగ్గర. బీరువా ఎవరైనా తెరిచినా పాస్‌వర్డ్ లేనిదే ఆ కాగితం వాళ్లకు పనికిరాదు.

అక్కడితో ఆగలేదు. లేచిపోయే ముందు పరీక్ష చేశాం. లాగౌట్ అయి, కార్యదర్శి ఫోన్ కోడ్‌తో ఒకసారి లోపలికి వెళ్లాం. మళ్లీ లాగౌట్ అయి అధ్యక్షుడి ఫోన్ కోడ్‌తో వెళ్లాం. మూడోసారి కవరు అంటించకముందే మొదటి బ్యాకప్ కోడ్ వాడి వెళ్లాం. దాన్ని కాగితం మీద గీత కొట్టి, పక్కన తేదీ, "పరీక్షకు" అని రాశాం. పదిలో ఒకటి ఖర్చయింది. కానీ మిగతా తొమ్మిదీ సరిగ్గా రాసుకున్నామన్న ధైర్యం వచ్చింది. విత్తనాలు చల్లే ముందు గుప్పెడు మొలక కట్టి చూసుకోమా, ఇదీ అంతే.

ఇదే పని సంఘం ఈమెయిల్‌కూ చేశాం. పోర్టల్ పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది ఆ ఈమెయిల్‌కే వస్తుంది కదా, ఆ తలుపు గట్టిగా లేకపోతే ఈ తాళం వృథా. జీమెయిల్ అయితే గూగుల్ ఖాతాలో Security లోకి వెళ్లి, 2-Step Verification తెరిస్తే, అందులో Authenticator, Backup codes అని రెండూ వేర్వేరుగా ఉంటాయి. రెండూ చేయాలి. ఒకటి చేస్తే రెండోది దానంతట రాదు.

ఇక అవసరం పడ్డప్పుడు ఎలా జరుగుతుందో చెబుతాం. పోయిన పంటకాలంలో మా కార్యదర్శి తల్లికి ఒంట్లో బాగాలేక పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక దరఖాస్తుకు అభ్యంతరం వచ్చింది, జవాబు పెట్టాలి. అధ్యక్షుడు తన ఫోన్ తెరిచి, కోడ్ చూసి, పావుగంటలో జవాబు పెట్టేశాడు. ఇంకోసారి అధ్యక్షుడు కొత్త ఫోన్ కొని, పాతది మార్పిడికి ఇచ్చేశాడు. యాప్ సంగతి మరిచాడు. అప్పుడు కార్యదర్శి అందుబాటులో లేడు. కోశాధికారమ్మ కవరు విప్పి, ఆమె ఎదుటే ఒక కోడ్ కొట్టి లోపలికి వెళ్లాం. గీత కొట్టి, తేదీ, పేరు, కారణం రాశాం. కవరు మార్చి, మళ్లీ సంతకాలు పెట్టి దాచాం. అదే రోజు అక్షరాల వరుస చూసి అధ్యక్షుడి కొత్త ఫోన్‌లో టైపు చేశాం. అర్జీ లేదు, పందొమ్మిది రోజుల ఎదురుచూపు లేదు.

కోడ్‌లు మూడో నాలుగో మిగిలినప్పుడు కొత్తవి తీసుకోండి. కొత్త జాబితా తీయగానే పాతది మొత్తం చెల్లకుండా పోతుంది, మిగిలినవి కూడా. అందుకే పాత కాగితాన్ని చింపి కాల్చేయండి. రెండు కాగితాలు ఉంటే, కంగారులో పాతదే చేతికొస్తుంది.

కొన్ని చిక్కులు కూడా చెప్పాలి.

కోడ్ సరిగ్గానే కొట్టినా పదేపదే తప్పంటే, మొదట ఫోన్ గడియారం చూడండి. సాధారణంగా పోర్టళ్లు అర నిమిషం అటూ ఇటూ మన్నిస్తాయి, రెండు మూడు నిమిషాల తేడా వస్తే మన్నించవు. గడియారం సరిగ్గానే ఉంటే, యాప్‌లో ఒకే పేరుతో రెండు వరుసలున్నాయేమో చూడండి. మధ్యలో ఎవరైనా తాళం మళ్లీ పెట్టి ఉంటే పాత వరుస యాప్‌లో అలాగే ఉండి కోడ్‌లు చూపిస్తూనే ఉంటుంది, అవి మాత్రం చెల్లవు. కొత్త వరుసతో లోపలికి వెళ్లగలిగాకే పాతది తీసేయండి.

ఇంకో పొరపాటు మరీ ప్రమాదం. యాప్ నచ్చలేదనో, ఖాళీ కావాలనో అందులోని వరుసను తీసేస్తే పోర్టల్ తాళం పోతుందనుకుంటారు. పోదు. అది తాళం తీయడం కాదు, చెవి పారేయడం. తాళం తీయాలంటే ముందు పోర్టల్ లోపలికి వెళ్లి రెండంచెల లాగిన్ ఆపాలి, ఆ తర్వాతే యాప్‌లో వరుస తీయాలి. ఫోన్ రిపేరుకు ఇచ్చేటప్పుడూ, మార్పిడికి ఇచ్చేటప్పుడూ ఈ మాట గుర్తుంచుకోండి.

2023 నుంచి గూగుల్ ఆథెంటికేటర్‌లో గూగుల్ ఖాతాతో కలిపి కోడ్‌లను భద్రం చేసుకునే వీలు వచ్చింది. ఫోన్ పోతే కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో తెరిస్తే వరుసలు తిరిగి వస్తాయి. మంచిదే. కానీ ఆ గూగుల్ ఖాతా కార్యదర్శి సొంతమైతే, రేపు పదవి మారినా సంఘం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. పైగా ఆ ఖాతా తెరవడానికి కూడా ఆ యాప్ కోడే కావాలంటే మళ్లీ పెట్టెలో చెవి కథే. కాగితం కవరు అవసరం తీరదు.

బాధ్యులు మారినప్పుడు పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. రెండంచెల లాగిన్ ఆపి, కొత్త క్యూఆర్‌తో మళ్లీ పెట్టాలి. అప్పుడే పాతవాళ్ల ఫోన్లలోని కోడ్‌లు చెల్లకుండా పోతాయి. బ్యాకప్ కోడ్‌లూ కొత్తవి తీయాలి. ఇది ఎవరినీ అనుమానించి చేసేది కాదు. బ్యాంకులో సంతకాలు మార్చినట్టే ఇదీ. మినిట్స్ పుస్తకంలో "తాళం మార్చడమైనది" అని ఒక వాక్యం రాయండి, కోడ్‌లు మాత్రం అందులో రాయకండి.

ఇక మోసం సంగతి. ఈ తాళం అన్నిటినీ ఆపదు. "సార్, మీ సంఘం దరఖాస్తు రిజెక్ట్ కాబోతోంది, యాప్‌లో నంబరు చెప్పండి, సరిచేస్తాం" అని ఫోన్ వస్తుంది. మనం చెప్పిన అర నిమిషంలోనే అవతలివాడు కొట్టేస్తాడు. అచ్చం పోర్టల్‌లా ఉండే నకిలీ పేజీ అయినా అంతే. మనం కొట్టిన పాస్‌వర్డ్, కోడ్ రెండూ తీసుకుని ఆ క్షణమే అసలు పోర్టల్‌లో వాడేస్తుంది. యాప్‌కు అసలేదో నకిలీదేదో తెలియదు. చిరునామా చూసుకోవలసింది మనమే. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, మనం దాచుకున్న చిరునామా నుంచే తెరవాలి.

ఇందులో ఇంకో తేడా గమనించండి. యాప్ కోడ్ కాసేపట్లో చచ్చిపోతుంది. బ్యాకప్ కోడ్ వాడేదాకా చావదు. కాబట్టి ఫోన్‌లో బ్యాకప్ కోడ్ చెప్పడం ఇంకా పెద్ద ప్రమాదం. పొరపాటున చెప్పేశామని తెలిస్తే, వెంటనే లోపలికి వెళ్లి కొత్త జాబితా తీయండి, పాతవన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి. పాస్‌వర్డ్ కూడా మార్చండి.

చివరగా ఒక మాట. కొన్ని పోర్టళ్లు యాప్ తాళం పెట్టమంటాయి గానీ బ్యాకప్ కోడ్‌లు ఇవ్వవు. అక్కడ మనకు రెండో ఫోన్, రాసుకున్న అక్షరాల వరుస తప్ప వేరే దిక్కు లేదు. అలాంటిచోట తాళం పోతే ఎవరికి అర్జీ పెట్టాలి, ఏ పత్రాలు కావాలి, ఎన్ని రోజుల్లో తీస్తారు అన్నది ముందుగానే సంఘం తరఫున రాతపూర్వకంగా అడిగి, జవాబును ఫైలులో పెట్టుకోండి. గడువు ముంచుకొచ్చాక అడిగితే, ఒక్కో పత్రానికి ఒక్కో వారం పోతుంది. అది మేము అనుభవించాం.

ఇప్పటికే యాప్ పెట్టుకున్నవాళ్లు భయపడనక్కర్లేదు. ఈ రాత్రి లోపలికి వెళ్లగలిగితే చాలు. సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్‌లు కొత్తగా తీసుకోవచ్చు. యాప్‌ను మళ్లీ పెట్టి, ఈసారి రెండు ఫోన్లతో స్కాన్ చేయవచ్చు. ఫోన్ చేతిలో ఉండి, కోడ్ పనిచేస్తున్నప్పుడే ఇవన్నీ సాధ్యం.

వచ్చే నెల సమావేశానికి ప్రతి సొసైటీ నుంచి ఒకే ఒక్క మాట తెలుసుకుంటాం. మీ కవరు ఎవరి బీరువాలో ఉందో చెప్పండి. అందులో ఏముందో మాత్రం మాకు కూడా చెప్పకండి.